లైను తెగినా లెక్క ఆగదు!

విశాఖలో ఇంటినుంచే హైదరాబాద్‌లోని ల్యాబ్ సర్వర్ మీద పనిచేస్తుంటాడు ఓ పరిశోధక విద్యార్థి. ఓ రాత్రి పదింటికి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ సర్వర్‌లోకి వెళ్లి, తొమ్మిది గంటలు పట్టే లెక్క మొదలుపెట్టి పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక గంటసేపు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కానీ రౌటర్‌కి లేదాయె! పొద్దున్నే చూస్తే లెక్క సగంలో ఆగిపోయి ఉంది.

హైదరాబాద్‌లో కరెంటు పోలేదు, సర్వర్‌కేమీ కాలేదు. మరి లెక్కెందుకు ఆగినట్టు? లైను తెగిందని తెలియగానే, ఆ లైను కోసం తెరిచిన టెర్మినల్‌ని సర్వర్ మూసేస్తుంది. అందులో నడుస్తున్న ప్రోగ్రాములకి 'హ్యాంగప్' అనే సంకేతం వెళ్తుంది. టెలిఫోన్ లైన్ల మీద కంప్యూటర్లు మాట్లాడుకున్న కాలం నాటి పేరది... అవతలివారు ఫోన్ పెట్టేశారని అర్థం. అది అందగానే చాలా ప్రోగ్రాములు దుకాణం కట్టేస్తాయి.

దీనికి విరుగుడే టీమక్స్. నికొలస్ మారియట్ 2007లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. సర్వర్‌లోనే తనదైన టెర్మినల్ తెరిచి, ప్రోగ్రాముని అందులో నడిపిస్తుంది. మన లైను ఆ టెర్మినల్‌లోకి తొంగిచూసే కిటికీ మాత్రమే. కిటికీ మూసుకుపోతే లోపలి పనికొచ్చిన నష్టమేమీ లేదు.

మర్నాటి రాత్రి మనవాడు సర్వర్‌లోకి వెళ్లాక ముందు ఇది కొట్టాడు:

```
tmux new -s lekka
python3 lekka.py
```

మొదటి వరుసతో తెర అడుగున ఆకుపచ్చ పట్టీ వచ్చింది. దాని ఎడమ మూల `lekka` అని కనిపిస్తే టీమక్స్‌లో ఉన్నట్టే. లెక్క మొదలయ్యాక Ctrl, b కలిపి నొక్కి వదిలేసి, తర్వాత d నొక్కాడు. కిటికీ మూసుకుంది, లెక్క లోపల సాగుతూనే ఉంది. ఇక్కడ అలవాటుకొద్దీ Ctrl, c నొక్కారో... లెక్కే ఆగిపోతుంది! పొద్దున్న మళ్లీ సర్వర్‌లోకి వెళ్లి ఇది కొడితే, రాత్రి వదిలిన తెర అలాగే ఎదురొచ్చింది:

```
tmux attach -t lekka
```

చాలామంది పప్పులో కాలేసేది క్రమం దగ్గరే. ముందు సర్వర్‌లోకి వెళ్లాలి, ఆ తర్వాతే టీమక్స్. సొంత ల్యాప్‌టాప్‌లో టీమక్స్ తెరిచి అందులోంచి సర్వర్‌కి వెళ్తే, మిగిలేది ల్యాప్‌టాప్‌లోని కిటికీయే. లైను మాత్రం మామూలుగానే తెగుతుంది, దాంతోపాటు లెక్కా పోతుంది. టీమక్స్ తెరవబోయే ముందు `hostname` అని కొడితే ఏ యంత్రంలో ఉన్నారో తెలిసిపోతుంది.

అలాగని ఇది సర్వర్‌ని కాపాడదు. సర్వరే ఆగి మళ్లీ మొదలైతే టీమక్స్, అందులోని లెక్క రెండూ పోతాయి. పొద్దున్న `tmux ls` కొట్టినప్పుడు `lekka` కనిపించకపోతే, `uptime` కొట్టి చూడాలి. సర్వర్ మొదలై రెండు గంటలే అయిందంటే విషయం అర్థమైనట్టే. అందుకే మనవాడిప్పుడు గంటకోసారి అప్పటిదాకా వచ్చిన ఫలితాన్ని ఫైల్లో దాచుకునేలా ప్రోగ్రాముని మార్చుకున్నాడు.