మన్ననూర్ తేనె: సీసాకు మిగిలేది ఎంత?

అచ్చంపేట యార్డుకు వేరుశనగ తోలిన రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో తూకం, ధర, కోతలు అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. గిట్టిందీ లేనిదీ ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. ఆన్‌లైన్ అంగడిలో సరుకు పెట్టినవారికి ఆ సౌకర్యం లేదు. సొమ్ము విడతలుగా జమ అవుతుంది. కోతలు వేర్వేరు పద్దుల్లో పడతాయి. వాపసు వచ్చిన సరుకు లెక్క వారాల తర్వాత గాని తేలదు. ఈ నెల ఇన్ని ఆర్డర్లు వచ్చాయని చెప్పేవారు చాలామంది. ఒక్కో ఆర్డరుకు ఎంత మిగిలిందని అడిగితే తటపటాయించని వారు అరుదు.

నల్లమల తేనె విషయంలో ఈ లెక్క ఇప్పుడు అవసరం. చెంచు పెంటల్లో తీసిన తేనెను గిరిజన సహకార సంస్థ డిపోకు వేయడం పాత పద్ధతి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవి బిడ్డలు సేకరించిన చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని తామే అమ్ముకునే హక్కును గుర్తించింది. 2023 అక్టోబరు 1 నుంచి జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు కూడా సొంత రాష్ట్రం లోపల ఆన్‌లైన్ కంపెనీల ద్వారా సరుకు అమ్ముకునే వెసులుబాటు వచ్చింది. కనుక మన్ననూర్‌లో కూర్చుని హైదరాబాదు ఇంటికి సీసా పంపడానికి ఆటంకం లేదు. గిట్టుబాటు మాటే చూడాలి.

అలాంటి ఒక బృందం అర కిలో తేనెను గాజు సీసాలో రూ. 449కి పెట్టిందనుకుందాం. అంకెలు మాదిరివే. ఎవరి ఒప్పందాన్ని బట్టి వారు మార్చుకోవచ్చు. వడకట్టిన తేనె రూ. 200, సీసా, మూత, లేబులు రూ. 22, అట్టపెట్టె, బుడగల కాగితం, టేపు రూ. 18. ఇంటి ఖర్చు రూ. 240 అయింది. ఇక కంపెనీ కోతలు. నూటికి 8 చొప్పున కమీషన్ రూ. 36, ఆర్డరుకు స్థిర ఫీజు రూ. 20, పార్సెల్ కిరాయి రూ. 75. ఈ మూడింటిపై 18 శాతం జి.ఎస్.టి. మరో రూ. 24. రిజిస్ట్రేషన్ లేనివారికి ఈ పన్ను తిరిగి రాదు, ఖర్చు కిందే పోతుంది. మొత్తం కోత రూ. 155. మిగిలింది రూ. 54.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపుతారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇరవై పార్సెళ్ళు పంపితే ఒకటి గుమ్మం దగ్గర వద్దన్నారనుకోండి. సొమ్ము చేతికిచ్చే పద్ధతిలో ఇది మామూలే. సీసా క్షేమంగా తిరిగి వచ్చినా, పోను కిరాయి పన్నుతో రూ. 89, పెట్టె ఖర్చు రూ. 18 పోయినట్టే. రాను కిరాయి కంపెనీయే భరించిందనుకున్నా నష్టం రూ. 107. ఇంకొకటి దారిలో కారింది. కొన్నవారికి సొమ్ము వాపసు ఇవ్వాలి. కమీషన్, స్థిర ఫీజు మనకు తిరిగి వచ్చినా తేనె, సీసా, పెట్టె కలిపి రూ. 240, రాకపోకల కిరాయి రూ. 178. మొత్తం రూ. 418. చేరిన 18 సీసాలపై వచ్చిన రూ. 972 నుంచి ఈ రెండూ తీసేస్తే నికరం రూ. 447. అంటే పంపిన ఒక్కో పార్సెలుకు రూ. 22 మాత్రమే. సీసాలు కడిగి, నింపి, పెట్టెలు కట్టినవారి కూలి ఇందులోంచే రావాలి. ఇరవైలో కారినవి ఒకటికి బదులు రెండైతే ఆ 22 కూడా లేదు, ఎదురు రూ. 25 నష్టం. ఒక్క సీసా మూత వ్యాపారం దిశనే మార్చేస్తుంది.

కమీషన్ మీద జరిగినంత రభస కిరాయి మీద జరగదు. 2021లో మీషో కమీషన్ ఎత్తివేసింది. 2025 ఏప్రిల్‌లో అమెజాన్ రూ. 300 లోపు అనేక సరుకులకు మాఫీ చేసింది. మంచిదే. కాని మన లెక్కలో కమీషన్ రూ. 36, కిరాయి దానికి రెట్టింపు పైమాట. పైగా కిరాయి అసలు బరువును బట్టి ఉండదు, అర కిలో మెట్ల చొప్పున పెరుగుతుంది. అర కిలో తేనెకు సీసా, పెట్టె కలిస్తే బరువు ఎలాగూ అర కిలో దాటుతుంది, కిలో మెట్టు కింద కట్టాల్సిందే. సగం మెట్టు ఖాళీగా ప్రయాణం చేస్తుందన్నమాట. పెట్టె పెద్దదైతే మరీ ప్రమాదం. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదాన్ని కూడా బరువుగానే లెక్కిస్తారు. 20, 15, 15 కొలతల పెట్టె 0.9 కిలో కింద వస్తుంది. అదే సీసాను 25, 20, 15 పెట్టెలో పెడితే ఒకటిన్నర కిలో కిరాయి పడుతుంది. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన ఖాళీ పెట్టెలు చవక కావు.

రెండు అర కిలోల సీసాలను ఒకే ఆర్డరుగా, గాజుకు బదులు తేలికపాటి పెట్ సీసాల్లో రూ. 849కి అమ్మితే చూద్దాం. బరువు కిలోంబావు లోపలే ఉంటుంది. గాజులో అయితే ఒకటిన్నర కిలో దాటి మరో మెట్టు ఎక్కుతుంది. కమీషన్ రూ. 68, స్థిర ఫీజు రూ. 25, కిరాయి రూ. 105, పన్ను రూ. 36, వెరసి రూ. 234. తేనె రూ. 400, సీసాలు రూ. 32, పెట్టె రూ. 24, వెరసి రూ. 456. మిగులు రూ. 159. ఇరవైలో ఒకటి తిరస్కరించినా, ఒకటి కారినా పార్సెలుకు రూ. 100 నిలుస్తుంది. రెండు కారినా రూ. 57కు తగ్గదు. కొనేవారికి రూ. 49 తగ్గించి కూడా ఇది సాధ్యమే.

కారడానికి కారణం ఎప్పుడూ కొరియర్ కుర్రవాడే కాదు. కొండతేనెలో, ముఖ్యంగా వానలు పడ్డాక తీసినదానిలో, నీటి శాతం ఎక్కువ. ఆహార ప్రమాణాల ప్రకారం 20 శాతం మించరాదు. మించితే తేనె పులుస్తుంది, గాలి పుట్టి మూతను నెడుతుంది, ఎండలో నిలిచిన వ్యానులో ఆ పని త్వరగా అవుతుంది. సీసా మెడ దగ్గర నురగ, పుల్లటి వాసన దీనికి గుర్తులు. రిఫ్రాక్టోమీటరు మీద రెండు చుక్కలు వేస్తే నిమిషంలో శాతం తెలుస్తుంది. మూత లోపల రేకు సీలు వేసి, సీసాను రాత్రంతా కాగితం మీద తలకిందులుగా ఉంచి, మరక పడనిదే పెట్టె కట్టాలి. చలికి తేనె గడ్డకడితే పంచదార కలిపారని వాపసు చేసేవారూ ఉన్నారు. లేబులు మీద ఒక్క వాక్యం రాస్తే ఆ బెడద కొంత తగ్గుతుంది.

లెక్క తప్పినప్పుడు నష్టం ఎవరి మీద పడుతుందో చూడాలి. కమీషన్ మన చేతిలో లేదు, కిరాయి అంతకన్నా లేదు. వంచడానికి వీలైనది ఒక్కటే, పెంటలో తేనె తెచ్చినవారికి ఇచ్చే కిలో రూ. 400. సీసాకు రూ. 22 మిగిలే వ్యాపారంలో ఆ ధర మరుసటి సీజనుకు నిలవదు. చెంచుల ఐ.టి.డి.ఎ. కార్యాలయం మన్ననూర్‌లోనే ఉన్నది. కొద్ది వేల రూపాయల రిఫ్రాక్టోమీటరు ఒకటి, రేకు సీలు వేసే యంత్రం ఒకటి అక్కడ ఉంచి, బృందాలకు వాడుకోనివ్వడం పెద్ద పథకమేమీ కాదు. వచ్చే వేసవి తేనె దిగేలోగా ఆ ఏర్పాటు జరగాలి.