“మా జాతిని ఉద్ధరిస్తాను” అని రాయొద్దు

మాది భట్టిప్రోలు, యానాదులం. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

విదేశీ స్కాలర్‌షిప్‌కి మోటివేషన్ లెటర్ మోడల్ అంటూ ఒకటి మన గ్రూపుల్లో తిరుగుతోంది. “నేను వెనుకబడిన గిరిజన తెగలో పుట్టాను, తిరిగొచ్చి నా జాతిని ఉద్ధరిస్తాను, ఎన్జీవో పెడతాను” అని ఉంటుంది. పేరు మార్చి పంపేస్తున్నారు. దీనిమీద నాకు గట్టి గొడవే ఉంది.

ముందు ఆ మాట సంగతి. మన బాపట్ల పక్కనే స్టూవర్టుపురం ఉంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రోజుల్లో ఎరుకల వాళ్లని తెచ్చి అక్కడ సెటిల్‌మెంట్ పెట్టినవాళ్లు కూడా బాగుచేయడానికే అన్నారు. మనవాళ్లకి ఏమీ తెలీదు, ఎవరో వచ్చి ఎత్తాలి అనే మాటని ఇప్పుడు మన చేత్తో మనమే రాయాలా?

“పేదరికం చెప్పకపోతే ఎవడిస్తాడ్రా” అంటాడు మా సీనియర్ అన్న. పేదరికానికి వేరే కాగితం ఉందన్నా. కేంద్ర గిరిజన శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి ఆదాయ సర్టిఫికెట్ ఎలాగూ పెడతాం. దేశం మొత్తానికి ఏడాదికి 20 సీట్లు. కామన్వెల్త్ వాళ్లు మార్కులు, చదువు ప్లానుతో పాటు నీ దేశం అభివృద్ధికి ఏం ఒరుగుతుందో చూస్తారు. చెవెనింగ్ తీసుకుంటే కోర్సు అయ్యాక కనీసం రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. అంటే వాళ్లు అడిగేది నువ్వెంత బాధపడ్డావని కాదు. వచ్చాక ఏ ఊళ్లో, ఎవరితో, ఏం చేస్తావు, అది పనిచేసిందని ఎలా తెలుస్తుంది? ఉద్ధరణకి ఈ నాలుగింట్లో ఒక్క జవాబూ లేదు.

నా డ్రాఫ్టే చెప్తాను. మొదట భట్టిప్రోలు స్తూపం, ధాతు కరండాల మీద బ్రాహ్మీ లిపి అని గొప్పగా మొదలుపెట్టాను. కొట్టేశాను. దానికీ నా చదువుకీ సంబంధమేంటి? తర్వాత మా నాన్న పని రాశాను. నాన్న వరి పొలాల్లో ఎలుకలు పడతాడు. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేస్తాడు. తెల్లారి ఏవి తెరుచుకున్నాయో చూస్తాడు. అవే ఎలుకలున్న కన్నాలు, బుట్టలు వాటి దగ్గరే పెడతాడు. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎలుకల లెక్క తీసే పద్ధతీ ఇదే అని పుస్తకంలో చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

మరి లోపం ఎక్కడుంది? రైతు ఎలుకకి ఇంతని డబ్బులిస్తాడు. కాబట్టి ఎలుకలు బాగా పెరిగి, పిలకలు ఏటవాలుగా తెగిపడ్డాకే నాన్నకి కబురొస్తుంది. పొట్ట దశకి వచ్చేసరికి అవి పిల్లలు పెట్టడం మొదలుపెడతాయి. పట్టాల్సింది నాట్లు వేసిన రెండు మూడు వారాల్లో, ఊరంతా ఒకేసారి. ఒక్క పొలంలో పడితే పక్క పొలంలోవి వచ్చి చేరతాయి. కానీ అప్పుడు ఎలుకలు తక్కువ, కాబట్టి నాన్నకి కూలీ తక్కువ. లెక్క ఎలుకకి కాకుండా ఎకరానికి, సీజన్ మొదట్లోనే కుదరాలి. దానివల్ల పంట నిజంగా మిగిలిందని చూపిస్తేనే రైతు ఒప్పుకుంటాడు.

ఆ చూపించడం నాకు రాదు. నేర్చుకోవాల్సింది అదే. గ్రీన్‌విచ్ యూనివర్సిటీలో నేచురల్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఎలుకల అదుపు మీద చాలా దేశాల్లో పనిచేసిన చోటు. అందుకే ఆ కోర్సు అని రాశాను. వచ్చిన మొదటి ఏడాది రెండు ఊళ్లు. ఒక ఊళ్లో ఎకరం లెక్కన ముందే పట్టిస్తాం, ఇంకో ఊళ్లో ఎప్పటిలాగే. రెండు చోట్లా తెగిన పిలకలు లెక్కపెడతాం. ఒక్క సీజన్‌తో ఏదీ తేలదనీ, వానల్ని బట్టి మారుతుందనీ కూడా రాశాను. అది రాస్తే బలహీనంగా ఉంటుందన్నారు కొందరు. నాకు మాత్రం లెటర్ మొత్తంలో నమ్మేలా ఉన్న వాక్యం అదే.

ఎన్జీవో పెడతాననేది కూడా తీసేశాను. పెట్టడానికి డబ్బేది? బాపట్ల వ్యవసాయ కాలేజీ వాళ్లతోనో, కృషి విజ్ఞాన కేంద్రంతోనో కలిసి చేస్తానని రాశాను. వాళ్లనింకా అడగలేదు, అడగకుండా పంపను. చెవెనింగ్‌కి ఎలాగూ రెండేళ్ల పని అనుభవం కావాలి, అంటే 2,800 గంటలు. నాకిప్పుడు ఇరవై. ఆ గంటలు ఈ పొలాల్లోనే పూర్తిచేసుకుంటాను.

మోడల్ పెట్టిన అన్నా, కోపం తెచ్చుకోకు. నీది మంచి ఇంగ్లీషే. కానీ ఆ ఇంగ్లీషులో మీ నాయన ఎక్కడున్నాడు?

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు నా డ్రాఫ్టు నాన్నకి తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, “కాలవ గట్టు మర్చిపోయావురా, సగం అక్కణ్ణుంచే దిగుతాయి” అన్నాడు. రెండు ఊళ్ల కాలవ గట్లు కూడా లెక్కలో చేర్చాను.