ముందు చిన్న జవాబు, తర్వాత క్రియల పట్టిక
నెల్లూరు తీరంలోని బడుల ఇంగ్లిష్ టీచర్లకు, హెడ్మాస్టర్లకు, పేరెంట్స్ కమిటీలకు

ఆంధ్రప్రదేశ్‌లో ఏటా జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఏప్రిల్ 15న తూర్పు తీరంలో మొదలైన వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఆ రెండు మూడు రోజులూ మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె వంటి ఊళ్లలో పిల్లలందరికీ జవాబు తెలిసిన ప్రశ్న ఒకటుంటుంది. మరబోట్లు వేటకు వెళ్లాయా? ఇంకా లేదు. ఇంగ్లిష్‌లో అయితే "హ్యావ్ ద బోట్స్ గాన్ అవుట్ యెట్?" "నో, నాట్ యెట్." నిషేధం తీరి బోట్లు కదిలాక అదే ప్రశ్న అడిగితే "యెస్, దే హ్యావ్" అంటారు. ఇప్పుడు నిలబడి చూసి, పని అయిందో లేదో చెప్పడమే ప్రెజెంట్ పర్ఫెక్ట్ చేసే పని. ఎప్పుడు అయిందన్నది దానికి అక్కర్లేదు.

చాలా తరగతుల్లో ఈ పాఠం ఇలా మొదలవదు. బోర్డు మీద "హ్యావ్ లేదా హ్యాజ్, దాని తర్వాత మూడో రూపం" అని సూత్రం పడుతుంది. పక్కన గో, వెంట్, గాన్ అంటూ మూడు వరుసల పట్టిక. పిల్లలు దాన్ని బట్టీపట్టి ఖాళీలు పూరిస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. అదే పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి "హ్యావ్ యూ ఎవర్ సీన్ ఎ రాకెట్?" అని అడిగితే నోరు పెగలదు. పెగిలినా "యెస్, ఐ హ్యావ్ ఎవర్ సీన్ ఎ రాకెట్" అంటాడు.

ఈ తప్పు తెలివితక్కువతనం వల్ల వచ్చేది కాదు. తెలుగులో "చూశావా?" అంటే "చూశాను" అంటాం. "తిన్నావా?" అంటే "తిన్నాను". అడిగిన క్రియనే తిప్పి చెప్పడం మన అలవాటు. ఇంగ్లిష్‌లో క్రియను వదిలేసి, దాని ముందున్న సహాయక క్రియను మాత్రమే తిప్పి చెబుతారు: "యెస్, ఐ హ్యావ్." "నో, ఐ హ్యావెంట్." ఈ తేడా ఎవరూ చెప్పకపోతే పిల్లవాడు ప్రశ్నంతా ఎత్తుకుని, అందులోని ‘ఎవర్’తో సహా జవాబులో దింపేస్తాడు. పైగా ‘హ్యావ్’ అంటే ‘ఉంది’ అని అంతకుముందే నేర్పి ఉంటారు కాబట్టి "ఐ హ్యావ్" దగ్గర ఆగడం వాడికి సగంలో తెగిన మాటలా అనిపిస్తుంది. అక్కడ ఆగవచ్చనీ, ఆగాలనీ మొదటి రోజే చెప్పాలి. చివర నిలిచిన ‘హ్యావ్’ను కుదించకూడదని కూడా అప్పుడే చెప్పేయవచ్చు. "యెస్, ఐవ్" అనే జవాబు ఇంగ్లిష్‌లో లేదు.

కాబట్టి ఈ కరపత్రం కోరేది ఒక్క మార్పు. పట్టికకు ముందు రెండు వారాలపాటు ఇంగ్లిష్ పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు నోటి ప్రశ్నలకు, చిన్న జవాబులకు ఇవ్వాలి. ఆ రోజుల్లో సూత్రం రాయకూడదు. సీన్, ఈటెన్, బీన్, గాన్, కమ్ అనే అయిదు రూపాలు చాలు.

మొదటి వారం ‘ఎవర్’, ‘నెవర్’. "హ్యావ్ యూ ఎవర్ సీన్ ఎ ఫ్లెమింగో?" అని టీచర్ అడుగుతారు. పులికాట్ అంచు ఊళ్ల పిల్లలు చాలామంది "యెస్, ఐ హ్యావ్" అంటారు. చూడనివాళ్లు "నో, ఐ హ్యావెంట్" అనవచ్చు, "నో, నెవర్" అన్నా సరే. వాక్యం నిండుగా కావాలంటే "ఐ హ్యావ్ నెవర్ సీన్ వన్". ఇక్కడొక గుంట ఉంది. తెలుగులో "ఎప్పుడూ చూడలేదు" అంటాం, అంటే కాదనే పని క్రియే చేస్తుంది. దాన్ని అలాగే మార్చి పిల్లలు "ఐ హ్యావెంట్ నెవర్ సీన్" అంటారు. ‘నెవర్’లోనే ‘లేదు’ ఉంది, రెండోది వద్దు అంటే సరిపోతుంది.

‘యెస్’ అన్న పిల్లవాణ్ణి అక్కడితో వదలకూడదు. వెంటనే "వెన్?" అని అడగాలి. ఈ పాఠంలో అసలు మలుపు ఇదే. "ఐ సా వన్ ఇన్ జనవరి" అనాలి, "ఐ హ్యావ్ సీన్ వన్ ఇన్ జనవరి" అనకూడదు. గడిచిపోయిన తేదీ, నెల, ‘నిన్న’ వంటి మాట రాగానే ‘హ్యావ్’ తప్పుకోవాలి. తెలుగులో రెండు చోట్లా ‘చూశాను’ అనే అంటాం కాబట్టి తేడా చెవికి తెలియదు. పట్టికతో ఇది ఎన్నటికీ రాదు. ఒకే పిల్లవాడు రెండు ప్రశ్నలకు వెంట వెంటనే జవాబు చెబితేనే పట్టుబడుతుంది. "ఐ హ్యావ్ సీన్ వన్ యెస్టర్‌డే" అని ఇంకా వినిపిస్తుంటే రెండో వారంలోకి వెళ్లకూడదు, ఆ జంట ప్రశ్నల దగ్గరే ఆగాలి.

రెండో వారం ‘యెట్’. ‘ఇంకా రాలేదు’, ‘ఇంకా వస్తోంది’ అనే రెంటికీ తెలుగులో ‘ఇంకా’నే. ఇంగ్లిష్‌లో మొదటిదానికే ‘యెట్’, రెండోదానికి ‘స్టిల్’. అందుకే ఈ వారంలో ‘యెట్’ను ప్రశ్నలోనూ లేదనే జవాబులోనూ మాత్రమే వాడించాలి, అదీ చివర్లో. "హ్యాజ్ ద బస్ కమ్ యెట్?" "నాట్ యెట్." వచ్చేశాక "యెస్, ఇట్ హ్యాజ్". అక్కడ ‘యెట్’ రాదు. మధ్యాహ్న భోజనం, టీసీ సంతకం, కృష్ణపట్నం వెళ్లిన నాన్న, ఇలా ఆ రోజు నిజంగా ఎదురుచూస్తున్న వాటినే అడగాలి. నాన్న ఇంకా అక్కడే ఉంటే "హీ హ్యాజ్ గాన్ టు కృష్ణపట్నం". వెళ్లి తిరిగొచ్చి ఉంటే "హీ హ్యాజ్ బీన్ టు కృష్ణపట్నం". ఈ తేడా తీర ప్రాంతపు పిల్లలకు ఇంట్లో రోజూ కనిపించేదే.

‘సో ఫార్’కు శ్రీహరికోటను మించిన పాఠం లేదు. 2022లో జిల్లాలు విడిపోయాక అది తిరుపతి జిల్లాలోకి వెళ్లినా నెల్లూరు పిల్లలకు అది సొంత ఊరి సంగతే. చంద్రయాన్ నౌకలు 2008లో, 2019లో, 2023లో మూడూ అక్కడి నుంచే ఎగిరాయి. "హౌ మెనీ చంద్రయాన్స్ హ్యావ్ గాన్ అప్ సో ఫార్?" "త్రీ సో ఫార్." ఎప్పుడని అడిగితే మళ్లీ ‘హ్యావ్’ పోతుంది: "ద థర్డ్ వన్ వెంట్ అప్ ఇన్ జూలై 2023." లెక్క ఇంకా ముగియలేదని, రేపు పెరగవచ్చని ‘సో ఫార్’ చెబుతుంది. ముగిసిపోయిన లెక్కకు అది పనికిరాదు. పోయిన ఏడాది ఎన్ని రాకెట్లు ఎగిరాయన్న ప్రశ్నలో ‘సో ఫార్’ పెడితే తప్పే.

ఆ రెండు వారాలూ అయ్యాక పట్టిక రావచ్చు. అప్పటికి పిల్లల నోట అయిదు రూపాలు ఆడుతుంటాయి కాబట్టి ఆరోది ఎక్కడ పెట్టాలో వాళ్లకే తెలుస్తుంది. అరవై మంది ఉన్న తరగతిలో అందర్నీ రోజూ అడగడం కుదరదు. జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు రెండు ప్రశ్నలు అడిగితే ఇంకొకరు చెప్పేలా చేసి, టీచర్ రోజుకు నాలుగైదు జంటల దగ్గర నిలబడి వింటే చాలు.

మార్కులు మారకపోతే ఇదేదీ నిలవదు. బడిలోనే వేసే అంతర్గత మార్కుల్లో అయిదింటిని ఇలాంటి నోటి పరీక్షకు ఇవ్వాలి. ‘ఎవర్’తో ఒక ప్రశ్న, ‘వెన్’తో దాని తరువాయి, ‘యెట్’తో ఒకటి, ‘సో ఫార్’తో ఒకటి. అయిదో మార్కు విద్యార్థి తిరిగి టీచర్ని ఒక ప్రశ్న అడిగినందుకు. "నాట్ యెట్" అన్న రెండు మాటల జవాబుకు పూర్తి మార్కు వేయాలి, పూర్తి వాక్యం రాలేదని కోయకూడదు. అమెరికాలో చుట్టాలున్న ఇళ్ల పిల్లలు "డిడ్ యూ ఈట్ యెట్?" అనడం విని ఉంటారు. అక్కడి మాట్లాడే ఇంగ్లిష్‌లో అది చెల్లుతుంది కాబట్టి నోటి పరీక్షలో దాన్ని తప్పుగా లెక్కించకూడదు. మన పాఠ్యపుస్తకం ‘హ్యావ్’ రూపాన్నే అడుగుతుందని చెప్పి, రాత పరీక్షకు దాన్నే అలవాటు చేయించాలి.