పాస్‌పోర్ట్ ఎక్కడ ఆగింది? మెసేజ్‌ల మధ్య ఖాళీల్లో చూడండి

పాస్‌పోర్ట్‌కు అప్లై చేశాక ఫోన్‌కు వరుసగా మెసేజ్‌లు వస్తుంటాయి. చాలామంది చివరిది మాత్రమే చదివి, మిగతావి వదిలేస్తారు. నిజానికి అవన్నీ కలిస్తేనే మీ ఫైలు ప్రయాణ చరిత్ర. ఒక్కో మెసేజ్ ఏం జరిగిందో చెబుతుంది. ఫైలు ఎంతసేపు ఆగిందో మాత్రం రెండు మెసేజ్‌ల మధ్య తేడాలోనే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మార్చి 3న పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఎ, బి, సి కౌంటర్లు మూడూ పూర్తయ్యాయి. 4న ఫైలు పోలీసు వెరిఫికేషన్‌కు వెళ్లింది. 17న రిపోర్టు అందింది. 18న ప్రింటింగ్, 19న స్పీడ్ పోస్ట్‌లో పంపారు, 22న ఇంటికొచ్చింది. మొత్తం 19 రోజుల్లో 13 రోజులు ఒక్క చోటే గడిచాయి. ఇది చూడగానే ‘పోలీసులే ఆలస్యం చేశారు’ అనేస్తాం.

ఆ 13 రోజులను ఇంకాస్త విడదీయాలి. అందుకు మీ కాల్ లాగ్ చాలు. కానిస్టేబుల్ నుంచి 8న ఫోన్ వచ్చింది. మీరు ఊళ్లో లేరు, 15న రమ్మన్నారు. ఆ రోజే ఆయన వచ్చి వెళ్లారు. అంటే ఫోన్ రావడానికి 4 రోజులు, మీ కోసం 7 రోజులు, తర్వాత రిపోర్టు పాస్‌పోర్ట్ ఆఫీసు చేరడానికి 2 రోజులు. అందులో ఒకటి ఆదివారం. పెద్ద వాటా మీ ప్రయాణానిదే! అలాగని అది మీ తప్పూ కాదు. ఇద్దరికీ కుదిరే రోజు కోసం ఫైలు ఎదురుచూసింది, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెసేజ్‌లోని తేదీ ఆ పని సిస్టమ్‌లో నమోదైన రోజు. పని అంతకు ముందే జరిగి ఉండొచ్చు. పోలీసులు ఇంటికొచ్చిన రోజు, రిపోర్టు పాస్‌పోర్ట్ ఆఫీసుకు అందిన రోజు వేర్వేరు. కాబట్టి ఖాళీకి పక్కనే కనిపించే పేరు ఆ అడుగు వేసినవారిది మాత్రమే. ఆపినవారు వాళ్లే అనుకోవడానికి అది సరిపోదు. ఆ అధికారి ముందు అప్పటికే ఎన్ని ఫైళ్లున్నాయో మీ ఫోన్‌లో కనిపించదు కదా.

స్టేటస్ ‘రివ్యూ’ దగ్గర ఆగితే, ఏదైనా పత్రం అడుగుతూ మెసేజ్ వచ్చిందేమో ముందు చూసుకోండి. వచ్చి ఉంటే ఫైలు మీ కోసమే ఆగి ఉంది. లేకపోతే 1800-258-1800కు కాల్ చేయండి. ఫైల్ నంబర్, పుట్టిన తేదీ దగ్గర పెట్టుకోండి. ‘ఎందుకింత ఆలస్యం?’ అంటే వచ్చేది అరిగిపోయిన జవాబే. ‘4వ తేదీ నుంచి ఫైలు వెరిఫికేషన్‌లో ఉంది, రిపోర్టు మీకు అందిందా?’ అంటే అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. కాదంటే, తర్వాత వెళ్లాల్సింది మీ పోలీస్ స్టేషన్‌కు.