రాత్రి నిద్రలోంచి అడ్వాన్సు

మా పలాస, టెక్కలి వైపు మధ్యాహ్నం రెండింటికి ఎవరింటి తలుపు కొట్టినా లేచొచ్చి తీసేవాళ్లు దొరకరు. కడుపు నిండా అన్నం తిన్నాం, అందుకే మత్తు అనుకుంటాం. అన్నం కొంచెం తోడవుతుంది గానీ, ఆ వేళకి ఒంట్లో చురుకు తగ్గడం మాత్రం తినకపోయినా జరిగేదే. తెల్లవారుజామునే లేచేవాళ్లకి అది ఇంకాస్త ముందే మొదలవుతుంది. కాబట్టి కునుకు తియ్యడం తప్పేం కాదు. ఎంతసేపు, ఎప్పుడు అన్నదే పేచీ.

ఒక ఇల్లు ఊహించుకోండి. కోడలు కాశీబుగ్గలో జీడిపప్పు గ్రేడింగుకి వెళ్తుంది. నాలుగున్నరకి లేస్తుంది, రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటుంది. పప్పు సైజు చూసి 240 రకం ఇటు, 320 రకం అటు ఏరాలంటే కళ్లు చురుగ్గా ఉండాలి. ఒంటిగంటకి అన్నం తిని, గోడకి చేరబడి పావుగంట కన్ను మూస్తే ఆమెకి చాలు. ఆస్ట్రేలియాలో 2006లో రాత్రి అయిదు గంటలే పడుకున్నవాళ్ల మీద ఇదే పరీక్ష చేశారు. పది నిమిషాల కునుకు తీసినవాళ్లు లేచిన వెంటనే చురుగ్గా ఉన్నారు, ఆ చురుకు రెండు గంటలకి పైనే నిలిచింది. అరగంట పడుకున్నవాళ్లు మాత్రం లేచాక కాసేపు మొద్దుబారిపోయారు. అరగంట దగ్గరపడేసరికి గాఢనిద్రలోకి దిగడం మొదలవుతుంది మరి. అందులోంచి లేపితే మనిషి లేస్తాడు, బుర్ర లేవదు. అప్పుడు 240, 320 ఒకే గంపలో పడినా ఆశ్చర్యం లేదు.

ఇక అదే ఇంట్లో మావగారు. రెండింటికి నులక మంచం ఎక్కి నాలుగున్నరకి దిగుతారు. రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పేస్తే పన్నెండుదాకా అటూ ఇటూ దొర్లడమే. తెల్లారి అయిదుకి మెలకువ. "ఏటోనమ్మా, నిద్దరన్నదే లేదు. డాక్టరుగారు మాత్ర రాస్తే బాగుణ్ణు" అంటారు. లెక్క చూడండి: రాత్రి అయిదు గంటలు, పగలు రెండున్నర, మొత్తం ఏడున్నర. ఆయనకి నిద్ర తక్కువేం కాలేదు, రాత్రి నిద్రలోంచి అడ్వాన్సు తీసేసుకున్నారంతే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, నిద్ర బరువు పెరుగుతుంది. పడుకుంటే ఆ బరువు దిగుతుంది. నాలుగున్నరకి దాన్ని దింపేసుకుని, మళ్లీ తొమ్మిదికల్లా నిండిపోవాలంటే ఎలా?

మాత్ర అడిగేముందు ఆయన చెయ్యాల్సింది ఒకటుంది. ఒంటిగంటన్నర లోపు అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలే తొంగోవాలి, రాత్రి పదిన్నరదాకా మంచం ఎక్కకూడదు. మొదటి రెండు మూడు సాయంత్రాలు ఆవలింతలతో ఇల్లు అదిరిపోతుంది, ఫర్వాలేదు. వారం పదిరోజులయ్యాక పడుకున్న అరగంటలోపే నిద్ర పడుతుంటే దొంగ ఎవరో తేలిపోయినట్టే. అప్పటికీ పట్టకపోతే కునుకు పూర్తిగా మానేసి చూడాలి. అయిదింటి టీ కూడా ఇందులో వాటాదారే. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది.

ఈ లెక్క అందరికీ వర్తించదు. వేటకి చీకటితోనే పడవెక్కే భావనపాడు మత్స్యకారుడికి మధ్యాహ్నం నిద్ర కునుకు కాదు, రాత్రి తక్కువైనదాన్ని పూడ్చుకోవడం. ఆయన గంటన్నర పడుకున్నా మనం వేలెత్తి చూపకూడదు. ఎండాకాలం కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్లు మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఆగడం వేరే సంగతి. అది ఎండనుంచి ఒంటిని కాపాడుకోవడం. నీళ్లు తాగి, ఊరికే నడుం వాల్చినా సరే, నిద్రపోకపోతే రాత్రికి నష్టం ఏమీ లేదు.

ఉద్దానంలో మాత్రం ఇంకో మాట చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రాత్రి మూత్రానికి పదేపదే లేస్తారు, కొందరికి కాళ్లు నిలకడగా ఉండవు, పగలంతా తూగుతుంటారు. ఇంట్లో వాళ్లు బద్ధకం అనుకుంటారు. ఇదివరకు లేని మత్తు, నీరసం కొత్తగా మొదలైతే కునుకు సమయాల గురించి వాదించుకోకుండా రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. నిద్రలో గట్టిగా గురకపెట్టి, ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడేవాళ్ల పగటి మత్తుకి కూడా డాక్టరే దిక్కు. ఇక మధ్యాహ్నం షిఫ్టులో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఆ నాలుగు గంటలూ మంచం మీద నిద్రపోతే రాత్రి మెలకువే మిగులుతుంది. పక్కనున్నవాళ్లు అరగంటకోసారి పలకరించి కబుర్లలో పెట్టడం మంచిది. అదీ కుదరకపోతే పొద్దున్న షిఫ్టు దొరుకుతుందేమో అక్కడి సిస్టరమ్మని అడిగి చూడండి.