కారణం రాయని ఆమోదం

ఈఆర్‌పీ గవర్నెన్స్ బోర్డులు పనికి అడ్డమని కొందరు, అవి లేకపోతే ఎవరిష్టం వారిదేనని ఇంకొందరు వాదించుకుంటూనే ఉన్నారు. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. బోర్డు మినిట్స్‌లో చివరికి మిగిలేది ‘ఆమోదించడమైనది’ అన్న ఒక్క మాట. ఎందుకు ఆమోదించారు, దేన్ని కాదన్నారు, ఎప్పటిదాకా అన్నవి ఎక్కడా ఉండవు. సాప్ పాత ఈసీసీకి సాధారణ మద్దతు 2027 చివరితో ముగుస్తుంది. ఎస్/4హనాకు మారే ప్రతి సంస్థా, గతంలో రాయించుకున్న Z ప్రోగ్రాముల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవాలి. రాయించినవాళ్లు ఈపాటికి ఉద్యోగం మారి ఉంటారు. కారణం వాళ్లతోపాటే వెళ్లిపోయి ఉంటుంది.

బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ ఉదంతాన్ని మన చర్చల్లో ఎవరూ ఎత్తరు. సాప్ నుంచి ఓరకిల్‌కు మారేటప్పుడు, సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటే అలాగే వాడుకుందామని వాళ్లు ముందే అనుకున్నారు. తర్వాత ఆ మాట తప్పి బ్యాంకు లెక్కల సరిపోలిక విభాగాన్ని తమకు తగ్గట్టు మార్పించుకున్నారు. 2022 ఏప్రిల్‌లో వ్యవస్థ మొదలైంది. వచ్చిన డబ్బు ఏ ఖాతాదో తేలక సిబ్బంది చేత్తో లెక్కలు సరిచూడాల్సి వచ్చింది. సుమారు 2 కోట్ల పౌండ్లనుకున్న ఖర్చు 10 కోట్లు దాటింది. చివరికి మార్పులు లేని ఓరకిల్‌నే మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలని నిర్ణయించారు. అక్కడ బోర్డులు లేక కాదు, సమీక్షలు జరగక కాదు. మొదటి నిర్ణయాన్ని తిరగరాస్తున్నామన్న స్పృహతో, దాని మూల్యం ఎదురుగా పెట్టుకుని ఎవరూ ఆగలేదు.

అలా ఆగి ఆలోచించేలా చేయడానికి కావలసింది ఒకటి రెండు పేజీలే. మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించిన ఆర్కిటెక్చర్ నిర్ణయ పత్రంలో శీర్షిక, స్థితి, సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు ఉంటాయి. ఆమోదించాక పాతదాన్ని దిద్దరు. నిర్ణయం మారితే కొత్త నంబరుతో ఇంకో పత్రం రాసి, పాతదాని మీద ‘ఫలానా పత్రంతో రద్దు’ అని గుర్తు పెడతారు.

చిలకలగూడలో, రైల్వేకు స్ప్రింగులు సరఫరా చేసే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. రైల్వే ఆర్డరు మీద ఎనిమిదంకెల పీఎల్ నంబరు ఉంటుంది. దాన్నే సాప్‌లో మెటీరియల్ కోడ్‌గా పెట్టేద్దామని స్టోర్స్ వాళ్లంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అదే స్ప్రింగుకు రెండు జోన్ల నుంచి రెండు పీఎల్ నంబర్లు వస్తే నిల్వ రెండుగా చీలుతుంది. ఒక కోడ్ కింద సరుకు మూలుగుతుంటే, ఇంకో కోడ్ కింద లేదని కొత్తగా తయారు చేయిస్తారు. పీఎల్ నంబర్ల కోసం విడిగా ఒక Z టేబుల్ రాయిద్దామని ప్రోగ్రామర్ అంటాడు. అప్పుడు ప్రతి అప్‌గ్రేడ్‌కూ దాన్ని మళ్లీ పరీక్షించాలి. సాప్‌లో ముందే ఉన్న కస్టమర్-మెటీరియల్ ఇన్ఫో రికార్డులో (`VD51`) పీఎల్ నంబరు పెడితే సొంత కోడ్ ఒకటే ఉంటుంది, ఆర్డరు మాత్రం రైల్వే నంబరుతోనే పడుతుంది.

ఈ మూడు దారులూ, రెంటిని ఎందుకు వదిలేశారన్నదీ పత్రంలో ఉండాలి. కొత్త పీఎల్ నంబరు వచ్చినప్పుడల్లా సేల్స్ గుమస్తా రికార్డు చేర్చాలన్న భారం కూడా పర్యవసానాల కింద రాయాలి. ఆ స్ప్రింగుకు జోన్లన్నీ ఒకే పీఎల్ నంబరు వాడుతున్నాయని తేలితే దీన్ని తిరిగి చూడాలన్న షరతూ ఉండాలి. అయిదేళ్ల తర్వాత వచ్చే కుర్రాడికి అదే వాదన మొదటి నుంచి పెట్టుకునే అవసరం ఉండదు.

ప్రతి చిన్న సెట్టింగుకూ పత్రం రాయమంటే పని నడవదన్న ఆక్షేపణ నిజమే. వెనక్కి తీసుకోవడం ఖరీదైన వాటికి రాస్తే చాలు: మాస్టర్ డేటా కోడ్లు, ఇతర వ్యవస్థలతో అనుసంధానం, ప్రామాణిక పద్ధతిని తప్పించే ప్రతి మార్పు. బర్మింగ్‌హామ్‌లో కొంప ముంచింది ఈ చివరి రకమే.

ఇంత తెలిసీ మన బోర్డులు రంగురంగుల స్లైడ్లు చూసి తలలూపడం క్షమించరానిది. పైపెచ్చు ‘తాత్కాలిక మినహాయింపు’ అని ఇచ్చి గడువు రాయరు. అది శాశ్వతమైపోతుంది. మీ బోర్డు పనిచేస్తోందో లేదో తెలియాలంటే సిస్టమ్‌లో ఏదో ఒక Z టేబుల్ చూపించి దాని నిర్ణయ పత్రం నంబరు అడగండి. అక్కడున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, ఆ బోర్డు ఇన్నాళ్లూ సంతకాలే పెట్టింది. పత్రం నంబరు లేని ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్ ప్రొడక్షన్‌లోకి వెళ్లకూడదు. గడువు రాయని మినహాయింపు చెల్లకూడదు. బర్మింగ్‌హామ్ లెక్క కళ్లముందుండగా ఈ రెండు నియమాలు కూడా పెట్టలేని బోర్డు సభ్యులు ఆ కుర్చీలు ఖాళీ చేయాలి.