జీతం తగ్గినా లెక్క తప్పకూడదు

మా అక్క సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాన్యువల్స్ రాసేది. చేతికి నెలకు 62,000 వచ్చేది. పిల్లల పుస్తకాల పబ్లిషర్ దగ్గరికి మారతానంటే ఇంట్లో గొడవ. అమ్మ కన్నడంలో "హాసిగె ఇద్దష్టు కాలు చాచు" అంది. "పడక ఎంతుందో అదే కొలుస్తున్నానమ్మా" అంది అక్క. నాకూ భయమే. నా కాలేజీ ఫీజు కట్టేది అక్కే.

అక్క వెంటనే రాజీనామా చేయలేదు. ఆ పనిలో కొత్తవాళ్లకి ఎంతిస్తారో కనుక్కుని, మూడు నెలలు 30,000తోనే బతికి చూసింది. మొదటి నెల 23వ తేదీకే డబ్బులైపోయాయి. సినిమాలూ హోటళ్లూ కాదు కారణం. నా ఫీజు, బండి ఇన్సూరెన్స్ లాంటి ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని నెలల్లోకి పంచుకోలేదు. పంచితే నెలకు 35,000 తేలింది. మూడు నెలల్లో మిగిలిన 81,000లో 40,000 పెట్టి బండి లోన్ తీర్చేసింది. నెలకు 4,000 కంతు పోయింది. అంటే కావలసింది 31,000.

తర్వాత ఆఫర్ వచ్చింది: నెలకు 30,000, సీటీసీ. మనం మోసపోయేది ఇక్కడే. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, మన వాటా ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 26,200.

"నాకు ఇదివరకు 62,000 వచ్చేది" అని అక్క అనలేదు. ఆ అంకె వాళ్ల పనికి కొలత కాదు కదా. "మీ దగ్గర రెండేళ్లు చేసినవాళ్లకి ఎంతిస్తారు?" అని అడిగింది. తను దిద్దిన మాన్యువల్ ఒకటి ముందుపెట్టి, 36,000 అడిగింది. "మీరు ఈ రంగానికి కొత్త కదా" అన్నారు. "కథలకి కొత్తే, ప్రూఫులు దిద్దడానికీ గడువులోగా ఇవ్వడానికీ కాదు" అంది. చివరికి 34,000కి ఒప్పుకున్నారు. ఆరు నెలలకి జీతం మళ్లీ చూస్తామని నోటితో అంటే, దాన్ని ఆఫర్ లెటర్‌లో రాయించుకుంది.

చేతికి 30,200. ఇంకా 800 తక్కువే. అది దాచిన 41,000 నుంచి తీసుకుంటోంది. ఆరు నెలల తర్వాత కూడా పెంచకపోతే ఏం చేయాలో ఆలోచించుకోవాలి, అది అక్కకీ తెలుసు.

నాన్న ఇప్పటికీ "దిగిపోయింది" అంటారు. నేనలా అనుకోను. రంగం మారినంత మాత్రాన నేర్చుకున్నదంతా సున్నా అయిపోదు. తక్కువ జీతమిచ్చే చోటికి వెళ్లడం వేరు, అక్కడ అందరికన్నా కింది మెట్టు మీద కూర్చోవడం వేరు. మొదటిది మన ఇష్టం, రెండోదానికి మాత్రం అడక్కుండా ఒప్పుకోకూడదు. ఆర్ట్స్ చదివే మనకి "ఫ్రెషర్" అన్న మాట ముందు ముందు చాలాసార్లు వినబడుతుంది, అందుకే చెప్తున్నా.

ఈ సెమిస్టర్ ఫీజు మొన్న కట్టాం. అక్క కొత్త జీతంలోంచే.